అవుట్‌డోర్ ఫ్యాన్ మూలుగుతోంది, రెక్క తిరగడం లేదు: కెపాసిటర్ కొనే ముందు చూడాల్సినవి

మే నెల మధ్యాహ్నం బందరు నుంచి మాస్టారు ఫోన్ చేశారు. "ఏమయ్యా, బయట పెట్టె ఊఁ అని మూలుగుతోంది, ఫ్యాన్ మాత్రం కదలడం లేదు. పోయిన వేసవిలోనే కెపాసిటర్ మార్పించాను గదా!" నేను అడిగిన మొదటి మాట ఒక్కటే: "ఇప్పుడు ఏసీ నడుస్తోందా మాస్టారూ?" నడుస్తోందన్నారు. "ముందు ఆపేయండి. నేను వచ్చేదాకా వేయకండి" అన్నాను.

మీ ఇంట్లో ఇదే జరుగుతుంటే మీకూ అదే మాట చెబుతాను. బయటి ఫ్యాన్ ఆగిపోయినా కంప్రెసర్ తన పని తాను చేసుకుపోతూనే ఉంటుంది. గదిలోంచి లాగిన వేడిని బయటకు నెట్టే గాలి ఉండదు కాబట్టి గ్యాస్ ప్రెషర్ పెరిగిపోతుంది. కొద్ది నిమిషాల్లో ఓవర్‌లోడ్ అనే రక్షణ స్విచ్ తెగి కంప్రెసర్ ఆగిపోతుంది, చల్లారాక మళ్లీ ఎత్తుకుంటుంది, మళ్లీ ఆగిపోతుంది. "కాసేపు చల్లగా వస్తోంది, కాసేపు ఉత్త గాలి వస్తోంది" అని చాలామంది చెప్పేది ఇదే. దాన్ని అలాగే నడిపిస్తే చిన్న రిపేరుతో పోయేది కంప్రెసర్ మీదకు వస్తుంది.

ఇక్కడ చెబుతున్నదంతా మామూలు, అంటే ఇన్వర్టర్ కాని స్ప్లిట్ ఏసీ గురించి. మీది ఇన్వర్టర్ ఏసీ అయితే బయటి ఫ్యాన్‌కు చాలావరకు డీసీ మోటారు ఉంటుంది, దానికి విడిగా కెపాసిటర్ ఉండదు. లోపలి బోర్డు మీద దాదాపు 300 వోల్టుల డీసీ ఉంటుంది. కరెంటు తీసేశాక కూడా అది కొన్ని నిమిషాల పాటు నిలిచే ఉంటుంది. ఆ బోర్డు దగ్గర ఇంట్లో చేసే పని ఏమీ లేదు, కంపెనీ మనిషిని పిలవండి. అలాగే యూనిట్ రెండో అంతస్తు గోడకు బ్రాకెట్ మీద వేలాడుతుంటే, లోపల ఏముందో తెలిసినా సరే, కిటికీలోంచి వంగి పని చేయకండి. కింద నేల మీద, మేడ మీద, బాల్కనీలో నిలబడి హాయిగా చేయి అందేచోట ఉంటేనే ముందుకు వెళ్లండి.

మూలుగు ఎందుకు వస్తుంది

ఈ మోటారు లోపల రెండు తీగ చుట్లు ఉంటాయి. ఒకటి రన్నింగ్, ఇంకొకటి స్టార్టింగ్. స్టార్టింగ్ చుట్టుకు వరసలో చిన్న కెపాసిటర్ ఉంటుంది. రెండు చుట్లలో కరెంటు ఒకేసారి కాకుండా ఒకదాని వెనక ఒకటి వచ్చేలా చూసేది అదే. అలా ముందూ వెనకా వస్తేనే లోపలి అయస్కాంత బలం గుండ్రంగా తిరుగుతుంది, మధ్యలో ఇరుసుతో ఉన్న రోటర్‌ను తనతోపాటు తిప్పుతుంది. కెపాసిటర్ పోతే బలం తిరగదు, ఉన్నచోటే సెకనుకు వంద సార్లు కొట్టుకుంటుంది. మీకు వినిపించే మూలుగు అదే.

కెపాసిటర్ పూర్తిగా పోనక్కర్లేదు. సగం బలహీనపడినా మోటారుకు మొదటి తోపు చాలక అక్కడే నిలబడుతుంది. మరోవైపు కెపాసిటర్ నిక్షేపంగా ఉండి, బేరింగ్ పట్టేసినా వచ్చేది సరిగ్గా ఇదే మూలుగు. చెవికి తేడా తెలియదు. ఈ పనిలో చిక్కంతా ఇక్కడే ఉంది. అరిగిన బేరింగ్ ఉన్న మోటారుకు కొత్త కెపాసిటర్ వేస్తే చాలాసార్లు అది తిరుగుతుంది కూడా, ఎందుకంటే తోపు కొంచెం పెరిగింది కదా. పది పదిహేను రోజులు నడిచి, ఎండ ముదిరిన ఒక మధ్యాహ్నం మళ్లీ మూలుగుతుంది. అప్పుడు "కెపాసిటర్ నకిలీది ఇచ్చాడు" అని షాపు వాడిని తిడతాం.

కర్రపుల్లతో జాలీ లోంచి రెక్కను తోసి చూడమని చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. తోస్తే తిరిగితే కెపాసిటర్ పోయినట్టేనట. దయచేసి చేయకండి. రెక్క ఒక్కసారిగా అందుకుంటే పుల్ల చేతిలోంచి ఎగిరిపోతుంది, ప్లాస్టిక్ రెక్క విరుగుతుంది. అంత ప్రమాదానికి ఓర్చుకున్నా దానివల్ల జవాబు కూడా దొరకదు. పుల్లతో తోసినప్పుడు బలహీనమైన కెపాసిటర్‌కూ సాయం అందుతుంది, పట్టేసిన బేరింగ్‌కూ అందుతుంది. రెండింట్లో తప్పు ఎవరిదో ఆ పరీక్ష చెప్పలేదు.

కరెంటు నిజంగా తీసేయడం

రిమోట్‌తో ఆపితే యూనిట్‌లో కరెంటు పోయినట్టు కాదు. రిలే ఒక వైరునే తెంచుతుంది. మన ఇళ్లలో ఫేజు, న్యూట్రల్ అటూ ఇటూ అయిన సాకెట్లు ఎన్నో ఉన్నాయి. అలాంటి ఇంట్లో ఏసీ ఆగి ఉన్నా బయటి యూనిట్ టెర్మినల్ దాకా ఫేజు వస్తూనే ఉంటుంది. ఇంకో మాట. ఫ్యాన్ మోటారు లోపల వేడికి తెగే చిన్న రక్షణ ఉంటుంది. కాసేపు మూలిగి నిశ్శబ్దమైపోతే మోటారు కాలిపోయిందని అనుకోకండి. ఆ రక్షణ తెగి ఉండవచ్చు. చల్లారాక తనంతట తానే కలుస్తుంది, మీ వేళ్లు రెక్కల మధ్య ఉన్నా సరే.

అందుకే ఏసీ ఎంసీబీ కిందకు దించండి, స్టెబిలైజర్ ప్లగ్ ఊడదీయండి. ఎంసీబీ మీద ఒక టేపు ముక్క అంటించి, ఇంట్లో అందరికీ గట్టిగా చెప్పండి. "కరెంటు పోయిందేమో" అనుకుని పిల్లలు పైకి ఎత్తే స్విచ్ అదే. తర్వాత ఓ అరగంట ఆగండి. కంప్రెసర్ నుంచి పైకి వచ్చే రాగి పైపు చేయి కాలేంత వేడిగా ఉంటుంది.

యూనిట్ పక్క మూత తీయగానే వైర్లు బిగించిన టెర్మినల్ కనబడుతుంది. ఏమీ ముట్టుకోకముందే మల్టీమీటర్‌ను ఏసీ వోల్టుల మీద, 600 లేదా 750 రేంజ్‌లో పెట్టండి. ముందు ఇంట్లో పనిచేస్తున్న సాకెట్‌లో చూసి మీటరు సరిగా చూపిస్తోందని తేల్చుకోండి. అప్పుడు టెర్మినల్‌లో ఫేజు-న్యూట్రల్, ఫేజు-ఎర్త్, న్యూట్రల్-ఎర్త్ మధ్య చూడండి. మూడూ సున్నా దగ్గర ఉండాలి. మళ్లీ సాకెట్ దగ్గరకు వెళ్లి మీటరు ఇంకా పనిచేస్తోందని చూసుకోండి. మధ్యలో మీటరు బ్యాటరీ అయిపోయినా చూపించేది సున్నాయే కదా. టెస్టర్ స్క్రూడ్రైవర్ వెలగలేదన్నది ఇక్కడ సాక్ష్యం కాదు.

కెపాసిటర్‌లో మిగిలిన కరెంటు

ఇప్పుడు పై మూత తీయండి. ముందు ఒక ఫోటో తీసుకోండి, ఏ రంగు వైరు ఎక్కడికి పోతోందో స్పష్టంగా కనబడేలా. చాలా యూనిట్లలో రెండు కెపాసిటర్లు ఉంటాయి. వెండి రంగులో పొడుగాటి డబ్బా కంప్రెసర్‌ది. అగ్గిపెట్టెలా నల్లగానో తెల్లగానో ఉండి రెండు వైర్లు వచ్చేది ఫ్యాన్‌ది. కొన్నింట్లో రెండూ ఒకే డబ్బాలో ఉంటాయి. అప్పుడు పైన మూడు గుంపుల పిన్నులు, పక్కన సీ, ఫ్యాన్, హెర్మ్ అనే గుర్తులు కనబడతాయి. సీ అంటే ఉమ్మడిది, హెర్మ్ అంటే కంప్రెసర్‌ది.

కరెంటు తీసినా వీటిలో ఛార్జ్ నిలిచి ఉండవచ్చు. ప్రమాదం ఎక్కువ కంప్రెసర్ కెపాసిటర్‌తోనే. మీరు చూడవలసింది ఫ్యాన్‌ది అయినా రెండింటినీ ఖాళీ చేశాకే చేయి పెట్టండి. స్క్రూడ్రైవర్ అడ్డంగా పెట్టి ఠపీమనిపించే అలవాటు మెకానిక్‌లలో ఉంది. నిప్పురవ్వ ఎగురుతుంది, పిన్ను కరుగుతుంది, బాగున్న కెపాసిటర్ కూడా దెబ్బతింటుంది. ఎలక్ట్రానిక్ షాపులో 20 కిలో ఓమ్, 5 వాట్ల రెసిస్టర్ ఒకటి కొనండి. రెండు కొసలకూ మొసలి క్లిప్పులున్న వైర్లు కలిపి, అతుకులు కనబడకుండా స్లీవ్ వేయండి. పొడి చేతులతో, రబ్బరు చెప్పులు వేసుకుని, ఒక చేయి వెనక్కి పెట్టుకుని, ఆ క్లిప్పుల్ని కెపాసిటర్ పిన్నులకు పదిహేను సెకన్ల పాటు తగిలించండి. కంప్రెసర్ కెపాసిటర్ 45 మైక్రోఫారడ్‌ది అయినా అయిదు సెకన్లలో దాదాపు ఖాళీ అవుతుంది. మిగతా పది సెకన్లు మన జాగ్రత్త కోసం. ఒకే డబ్బా అయితే సీ-హెర్మ్, సీ-ఫ్యాన్, హెర్మ్-ఫ్యాన్ మూడూ చేయండి. తర్వాత మీటరును డీసీ వోల్టుల మీద పెట్టి చూడండి. ఒకటి రెండు వోల్టులకు మించి ఉంటే మళ్లీ క్లిప్పులు పెట్టండి.

ముందు బేరింగ్, తర్వాతే కెపాసిటర్

చాలామంది కెపాసిటర్‌తో మొదలుపెడతారు. నేను రెక్కతో మొదలుపెడతాను, దానికి మీటరు కూడా అక్కర్లేదు.

ముందు జాలీ, రెక్కల చుట్టూ చూడండి. బల్లి ఇరుక్కుని చచ్చి ఉంటుంది, పావురం పుల్లలు తెచ్చి పెట్టి ఉంటుంది, కందిరీగ మట్టిగూడు కట్టి ఉంటుంది. హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో పావురం పుల్ల ఒక్కటి రెక్కకు అడ్డుపడి మోటారు మూలగడం నేను ఎన్నోసార్లు చూశాను. రెక్క చుట్టూ ఉన్న ప్లాస్టిక్ వలయానికి ఎక్కడైనా రాసుకుంటోందేమో కూడా చూడండి.

అది ఏమీ లేకపోతే జాలీ తీసి, ఒక వేలితో రెక్కను మెల్లగా తోయండి. బాగున్న మోటారు ఆ చిన్న తోపుకే చప్పుడు లేకుండా కొన్ని చుట్లు తిరిగి, నెమ్మదిగా, ఎక్కడ ఆగాలో తెలియనట్టు ఆగుతుంది. బేరింగ్ పోయింది అయితే అరచుట్టో ఒక చుట్టో తిరిగి టక్కున నిలబడుతుంది. రెక్క మధ్య బొడిపె మీద వేళ్లు ఆనించి చాలా నెమ్మదిగా తిప్పి చూడండి. లోపల ఇసుక నలుగుతున్నట్టు గరగర వేళ్లకు తెలుస్తుంది.

తర్వాత బొడిపెను పట్టుకుని పైకీ కిందకీ, కుడికీ ఎడమకీ కదపండి. ఆ దిక్కుల్లో ఏ మాత్రం లూజు తగలకూడదు. టక టక మంటే బేరింగ్ అరిగిపోయింది, లోపల రోటర్ పోయి దాని చుట్టూ కదలకుండా ఉండే స్టేటర్‌కు రాసుకునే దశ అది. ముందుకూ వెనక్కూ లాగితే వచ్చే మిల్లీమీటరు లోపు ఆటను పట్టించుకోకండి, అది తయారీలోనే ఉంటుంది.

ఇంకో రెండు సంగతులు. మోటారు ఇరుసు తిరుగుతూ, రెక్క మాత్రం ఆగి ఉండే సందర్భం కూడా ఉంది. బొడిపె పగిలితేనో, నట్టు వదులైతేనో అలా అవుతుంది. రెక్కను చేత్తో పట్టుకుని తిప్పినప్పుడు దానితోపాటు ఇరుసు కొస కూడా తిరుగుతోందా లేదా అని చూస్తే తెలిసిపోతుంది. ఈ నట్టు చాలా మోటార్లలో ఉల్టా మరది. మామూలుగా విప్పే వైపు తిప్పితే ఇంకా బిగుసుకుని మర తెగుతుంది. రెక్క మీద బాణం గుర్తు ఉంటే దాన్ని చూసే తిప్పండి. రెండోది, ఉదయం బాగా తిరిగి మధ్యాహ్నమే పట్టేసే బేరింగులు ఉన్నాయి. మీ ఫిర్యాదు ఎప్పుడూ ఎండ వేళే వస్తుంటే, చల్లారాక రెక్క ఫ్రీగా తిరిగిందని బేరింగును వదిలేయకండి.

ఇక కెపాసిటర్. దాని రెండు వైర్లనూ విప్పి విడిగా పట్టుకోండి. వైర్లు తగిలి ఉంటే మీటరు మోటారు చుట్లను కూడా కలిపి కొలుస్తుంది, ఆ అంకె పనికిరాదు. ఉబ్బు, పగులు, నల్లని మరక ఉంటే ఇక కొలిచే పనే లేదు. ఏమీ లేకపోయినా నమ్మకండి. లోపలి పలుచని లోహపు పూత వేడికీ చిన్న చిన్న చిల్లులకూ కొంచెం కొంచెంగా పోతూ ఉంటుంది, బయటికి మాత్రం కొత్తదానిలా కనబడుతుంది. మీటరును కెపాసిటెన్స్ మీద పెట్టి కొలవండి. మీద 2.5 మైక్రోఫారడ్, ప్లస్ ఆర్ మైనస్ 5 శాతం అని ఉంటే 2.38 నుంచి 2.62 వరకు బాగున్నట్టు. 2.3 వస్తే నేనైతే మారుస్తాను. 2 కన్నా కిందకు పోతే మూలుగుకు కారణం దొరికినట్టే, కానీ బేరింగ్ కూడా తేలితేనే పని పూర్తయినట్టు.

కొత్తది కొనేటప్పుడు మైక్రోఫారడ్ అంకె అదే ఉండాలి. వోల్టులు 440 అని ఉంటే 440 గానీ అంతకన్నా ఎక్కువ గానీ తీసుకోండి. ఫ్యాన్ కొంచెం బలంగా తిరుగుతుందని 2.5 బదులు 4 వేసే వాళ్లున్నారు. స్టార్టింగ్ చుట్టులో కరెంటు పెరిగి మోటారు వేడెక్కుతుంది, ఆ వేసవి దాటదు.

మాస్టారి ఇంట్లో తేలింది

బందరులో ఉప్పుగాలి. యూనిట్ వెనక పెరట్లో, నేల మీద స్టాండుపై ఉంది. కరెంటు తీసి, ఖాళీ చేసి, రెక్కను వేలితో తోశాను. ఒకటిన్నర చుట్టు తిరిగి ఆగిపోయింది. నెమ్మదిగా తిప్పితే గరగర. పైకీ కిందకీ కదిపితే సన్నని టక టక. అంటే బేరింగ్ పోయింది. పోయిన ఏడాది వేసిన కెపాసిటర్ మీద 2.5 అని ఉంది, కొలిస్తే 1.9 వచ్చింది. అదీ పోయింది.

"కెపాసిటర్ ఒక్కటి వెయ్యవయ్యా, తిరుగుతుందిగా" అన్నారు మాస్టారు. తిరిగేదే, నిజం. అందుకే ఆయన చేతినే రెక్క మీద పెట్టించి నెమ్మదిగా తిప్పమన్నాను. గరగర ఆయన వేళ్లకు తగిలింది. ఇంక ఏమీ అనలేదు.

మోటారు విప్పే ముందు చుట్లు బాగున్నాయో లేదో చూడాలి. చుట్టు కాలిన మోటారుకు బేరింగ్ వేసి లాభం లేదు. దీనికి మూడు వైర్లు. వైర్లన్నీ విడదీసి, ఓమ్స్ మీద రెండేసి చొప్పున కొలిచాను: 180, 210, 390. చిన్న రెండూ కలిపితే పెద్దది రావాలి, 180కి 210 కలిపితే 390. లెక్క సరిపోయింది. ఎక్కడైనా మీటరు అనంతం చూపిస్తే చుట్టు తెగినట్టు, లేదా లోపలి వేడి రక్షణ ఇంకా కలవనట్టు. మోటారు పూర్తిగా చల్లారాక మళ్లీ కొలిస్తే తేడా తెలుస్తుంది. మీ మోటారు అంకెలు వేరుగా ఉండవచ్చు, కూడిక మాత్రం కుదరాలి. ఏ వైరుకైనా మోటారు ఇనుప ఒంటికీ మధ్య రీడింగ్ వస్తే ఆ మోటారును మళ్లీ కరెంటుకు కలపకండి.

బేరింగ్ మార్చడం మీరు ఇంట్లో చేయమని చెప్పను. రెక్క తీసి, మోటారు స్క్రూలు విప్పి దగ్గర్లోని మోటారు వైండింగ్ షాపుకు తీసుకెళ్లండి. ఇనుప మూతలకు పొడుగు బోల్టులున్న మోటారు అయితే విప్పవచ్చు. ఒళ్లంతా ప్లాస్టిక్ లాంటి గట్టి పదార్థంతో పోతపోసిన మోటారు అయితే చాలావరకు విప్పడానికి ఉండదు, మోటారే మార్చాలి. షాపులో నిలబడి రెండు విషయాలు గమనించండి. కొత్త బేరింగ్ నంబరు పాతదాని మీద ఉన్నదే కావాలి. దాన్ని ఇరుసు మీదకు ఎక్కించేటప్పుడు లోపలి వలయం మీదే పైపు ముక్క ఆనించి కొట్టాలి. బయటి వలయం మీద సుత్తి పడితే గోళీల కింద గుంటలు పడి, కొత్త బేరింగ్ మొదటి రోజు నుంచే గోల చేస్తుంది.

స్ప్రే నూనె కొట్టి తిప్పేస్తే చాలదా అని అడుగుతారు. ఆ పల్చని నూనె లోపల మిగిలిన గ్రీజును కరిగించి బయటకు తెస్తుంది. రెండు మూడు రోజులు బాగా తిరిగి, ఆ తర్వాత బేరింగ్ ఎండిపోయి ముందుకన్నా తొందరగా పట్టేస్తుంది. మాస్టారి మోటారు విప్పితే రెక్క వైపు బేరింగ్‌లో గ్రీజు లేదు, ఎర్రని తుప్పు పొడి రాలింది. నంబరు 608. వెనక వైపుది కాస్త బాగానే ఉన్నా రెండూ మార్పించాను.

మళ్లీ వేసే ముందు

మోటారు బిగించాక ముందు చేత్తో తిప్పి చూడండి. ఆ రోజు వేలితో తోస్తే పది చుట్లు దాటి తిరిగింది. ఫోటో చూసుకుంటూ వైర్లు కలపండి. రన్నింగ్, స్టార్టింగ్ వైర్లు తారుమారైతే ఫ్యాన్ వెనక్కి తిరగవచ్చు. తిరుగుతోంది కదా అని మనం సంతోషిస్తాం, గాలి మాత్రం ఉల్టాగా పోతూ ఉంటుంది. జాలీ, మూతలు అన్నీ స్క్రూలతో బిగించాకే ఎంసీబీ ఎత్తండి. మూత తీసి ఉంచి పరీక్ష చేయకండి. ఏసీ వేశాక కంప్రెసర్ మూడు నిమిషాల వరకు ఆలస్యం చేయవచ్చు, అప్పటిదాకా ఫ్యాన్ కూడా కదలకపోవచ్చు. కంగారుపడి స్విచ్చులు మార్చకండి.

ఎత్తుకున్నాక రెక్క కొద్ది సెకన్లలో వేగం అందుకోవాలి. జాలీ ముందు చేయి పెడితే వేడిగాలి మీ వైపుకు కొట్టాలి. అరగంట నడిపి ఆపండి. ఆగేటప్పుడు చెవి పెట్టి వినండి. రెక్క గాలి చప్పుడుతో నెమ్మదిగా ఆగితే బాగున్నట్టు. టక్కున ఆగినా, చివరి చుట్లలో కిర్రుమన్నా మళ్లీ మూత తీయాల్సిందే.

మాస్టారి యూనిట్‌ను ఆ సాయంత్రం అలా మూడుసార్లు ఆపి వేశాను. మూడోసారి ఆయన కుర్చీ తెచ్చుకుని పెరట్లో కూర్చుని, రెక్క ఆగేదాకా చూసి, "ఇప్పుడు మూలగడం లేదయ్యా" అన్నారు.